నా రిటైర్మెంట్ ఉపన్యాసం: పదకొండు పేజీల నుంచి నాలుగున్నర పేజీలకు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పీఈటీగా పని చేసి, 61 ఏళ్లు నిండిన నెలాఖరున రిటైర్ అయ్యాను. చివరి పంతొమ్మిదేళ్లు ఒకే బడిలో గడిచాయి. ఆ బడిలో ఆడపిల్లల ఖో-ఖో జట్టు నా ప్రాణం. ప్రతి ఏడాదీ స్కూల్ గేమ్స్‌కి మండలం, జోన్, జిల్లా దాకా వెళ్లేవాళ్లం. కొన్నేళ్లు మా పిల్లలు రాష్ట్ర స్థాయికి కూడా ఎంపికయ్యారు.

పిల్లల ముందు విజిల్ వేసి అరవడం నాకు అలవాటే. మైకు ముందు నిలబడి ఒక్కొక్కరికీ కృతజ్ఞత చెప్పడం అలవాటు లేదు. అందుకే సన్మాన సభకు మూడు వారాల ముందే నోటుబుక్కు తెరిచి రాయడం మొదలుపెట్టాను.

మొదటి రాత కోసం నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. పదకొండు పేజీలు వచ్చాయి. నేను చదువుతుంటే మా ఆవిడ ఫోన్లో టైం చూసింది. ఇరవై ఏడు నిమిషాలు! అంతా విని, "ఇందులో థాంక్స్ ఎక్కడుందండీ?" అంది. చివరి పేజీలో ఉందన్నాను. "నా విజయాలకు సహకరించిన తల్లిదండ్రులకు, వంటవారికి, అటెండర్లకు, సిబ్బంది అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు" అని రాశాను. "పేరుపేరునా అన్నారు, ఒక్క పేరూ లేదు" అంది ఆమె.

ఆ రాత్రి పేజీలు మళ్లీ తిరగేశాను. ఆరున్నర పేజీలు కప్పులు, పతకాల లెక్క. రెండు పేజీలు నా బాల్యం, నా ట్రైనింగ్. ఒకటిన్నర పేజీ పిల్లలకు క్రమశిక్షణ గురించి సలహాలు. మిగిలిన ఒక్క పేజీలో అధికారులకు నమస్కారాలు, అందరికీ కలిపి ఆ ఒక్క వాక్యం. పతకాల లెక్క బడి వరండాలో బోర్డు మీద ఉంది, చదవాలనుకున్నవాళ్లు అక్కడ చదువుకుంటారు. సలహాలు పిల్లలు నా నోట పంతొమ్మిదేళ్లు విన్నారు. ఆ పేజీలన్నీ చింపి పక్కన పెట్టాను.

మళ్లీ రాసే ముందు బీరువాలోంచి పాత ఫైళ్లు తీశాను. మా ఆటల్లో కాగితాలు చాలా ఉంటాయి. ప్రతి టోర్నమెంటుకూ ఎంట్రీ ఫారం, పుట్టిన తేదీ, బోనఫైడ్, తల్లిదండ్రుల అంగీకార పత్రం. స్కోర్ షీట్లు కూడా దాచుకున్నాను. ఎవరికి ఏం చెప్పాలో వాటిలో దొరికింది. జ్ఞాపకం మీద ఆధారపడితే బాగా ఆడిన పిల్లలే గుర్తొస్తారు. కాగితాల్లో మాత్రం పన్నెండు మంది పేర్లూ వరసగా ఉంటాయి. తొమ్మిది మంది ఆడతారు, ముగ్గురు బయట కూర్చుంటారు. ఆ ముగ్గురి పేర్లు చదువుతుంటే కొందరి ముఖాలు గుర్తు రాలేదు. నాకు చాలా బాధ కలిగింది. పాత విద్యార్థినులకు ఫోన్లు చేసి అడిగి ఒక్కొక్కరినీ గుర్తు చేసుకున్నాను.

రాసేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. ఒకరి గురించి రాసిన వాక్యం ఇంకొకరి పేరు పెట్టినా సరిపోతే దాన్ని కొట్టేయాలి. "ఎంతో అంకితభావంతో పని చేశారు" అన్నది ఎవరికైనా సరిపోతుంది. అందుకే ఒక్కొక్కరికీ వాళ్లు చేసిన ఒక్క పనే, నేను కళ్లారా చూసిందే రాశాను. ఇక్కడ ఎవరి పేర్లూ రాయడం లేదు. సభలో మాత్రం అందరినీ పేరుతోనే పిలిచాను.

మా అటెండర్ గురించి రాసింది చెబుతాను. మొదట "గ్రౌండ్ ఏర్పాట్లలో సహకరించిన" అని రాశాను. ఆయన నిజంగా చేసిన పని వేరు. ఖో-ఖో కోర్టులో రెండు పోల్స్ మధ్య నిలువు గీతలుంటాయి, వాటిని అడ్డంగా కోసే దారులు ఎనిమిది. వానాకాలంలో రెండు రోజులకోసారి చెరిగిపోతాయి. మొదట్లో మేం సున్నంతో గీసేవాళ్లం. పిల్లలు ఉత్త కాళ్లతో ఆడతారు, పోల్ దగ్గర డైవ్ కొడితే ముఖం గీత మీదికే వెళుతుంది. ఒకసారి ఒక పాప కంట్లో సున్నం పడింది. చాలాసేపు నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాం, దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. మర్నాడు ఆయన ఇంటి నుంచి ముగ్గు పిండి తెచ్చాడు. ఆ రోజు నుంచి మా కోర్టులో సున్నం పడలేదు. కొలతల దగ్గర ముడులు వేసిన తాడు కూడా ఆయనే తయారు చేశాడు. టేపు అక్కర లేకుండా తాడు పరిచి అరగంటలో కోర్టు గీసేవాడు. ఉపన్యాసంలో ఇలా రాసుకున్నాను: "అన్నా, నువ్వు తెచ్చిన ముగ్గు పిండి వల్ల పిల్లల కళ్లు చల్లగా ఉన్నాయి. ఆ ముడుల తాడు స్టోర్ రూంలో మేకుకు వేలాడుతోంది. నా తర్వాత వచ్చే సార్‌కి అది ఎలా వాడాలో నువ్వే చూపించాలి."

మధ్యాహ్న భోజనం వండే అక్కలు ఇద్దరు. ప్రాక్టీసు పొద్దున్నే ఉండేది. దూరపు తండాల నుంచి వచ్చే పిల్లలు ఏమీ తినకుండా వచ్చేవాళ్లు. పరిగెత్తించాక ఒకరిద్దరికి కళ్లు తిరిగేవి. నేను ఎండ అనుకునేవాణ్ని. అది ఆకలి అని పెద్ద అక్క కనిపెట్టింది. వంటకు వచ్చే వేళ కంటే ముందే వచ్చి గంజి కాచి, ఉప్పు వేసి, స్టీలు గ్లాసుల్లో పోసి గోడ మీద వరసగా పెట్టేది. ఎవరూ చెప్పలేదు, ఏ రిజిస్టరులోనూ అది లేదు. ఆమెకు నేను ఒక్కసారీ థాంక్స్ చెప్పలేదన్న సంగతి రాస్తున్నప్పుడు తెలిసింది.

ఆడపిల్లల జట్టు బయటి ఊరికి వెళ్లాలంటే ఒక లేడీ టీచర్ వెంట రావాలి. రాత్రి ఏదో ఒక బడి తరగతి గదిలో చాపల మీద పడుకోవాలి. దానికి ఎవరూ ముందుకు రారు. ఇంట్లో చిన్న పిల్లలున్నా మా హిందీ టీచరమ్మ ఏటా వచ్చేది. నెలసరి వచ్చిన పిల్లల్ని చూసుకునేది, అర్ధరాత్రి భయపడి ఏడ్చేవాళ్లను పక్కన పడుకోబెట్టుకునేది. కోచ్‌గా నాకు తెలియని సగం జట్టు ఆమెకు తెలుసు. ఆమె గురించి రాసింది అర పేజీ అయినా కొట్టేయలేదు.

తల్లిదండ్రుల భాగం రాయడం కష్టమైంది. పంపిన వాళ్ల గురించి చెప్పాలంటే పంపని వాళ్ల సంగతి కూడా వస్తుంది. ఊళ్లో ఎవరు పంపలేదో అందరికీ తెలుసు. "చాలామంది వద్దన్నా మీరు పంపారు" అని రాస్తే వద్దన్నవాళ్లు కూడా సభలో కూర్చునే ఉంటారు. ఆ మాట తీసేశాను. అంగీకార పత్రాల ఫైలు ముందు పెట్టుకుని, అందులో కనబడిందే రాశాను. "ఈ ఫైల్లో చాలా కాగితాల మీద వేలిముద్రలున్నాయి. దానిలో ఏం రాసి ఉందో చదవలేకపోయినా, సార్ మీద నమ్మకంతో బిడ్డను మూడు రోజులు పంపిన అమ్మల వేలిముద్రలు ఇవి." ఈ రెండు వాక్యాలు చదివేటప్పుడు గొంతు పట్టేస్తుందని ఇంట్లోనే తెలిసింది. అందుకే వాటి తర్వాత కాగితం మీద 'నీళ్లు తాగు' అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది ఒక్క అమ్మాయి గురించిన పేరా.

ఆమె మా జట్టులో మంచి రన్నర్. ముగ్గురు ముగ్గురుగా దిగే డిఫెండర్లలో ఆమెను ఎప్పుడూ మొదటి బ్యాచ్‌లో దింపేవాణ్ని. ఒకరోజు ప్రాక్టీసులో వేగంగా పరిగెడుతూ ఒక్కసారిగా మలుపు తిరిగింది. మోకాల్లో 'టప్' మని శబ్దం వచ్చిందని చెప్పింది. ఆ సాయంత్రానికే మోకాలు వాచింది. నేను బెణుకు అనుకున్నాను. క్రేప్ బ్యాండేజీ కట్టి పది రోజులు విశ్రాంతి ఇచ్చాను. వాపు తగ్గింది, నడుస్తోంది, జిల్లా పోటీలు దగ్గర పడ్డాయి. దింపాను. రెండో నిమిషంలో దిశ మారబోతే మోకాలు కింద నుంచి జారిపోయినట్టు కూలిపోయింది. లోపల లిగమెంట్ తెగిందని తర్వాత స్కానింగ్‌లో తేలింది. ఆమె మళ్లీ ఆడలేదు.

ఇది చదివే పీఈటీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. శబ్దం రావడం, కొద్ది గంటల్లోనే వాపు రావడం, తర్వాత తిరిగేటప్పుడు కాలు పట్టు తప్పడం, ఇవి మామూలు బెణుకు లక్షణాలు కావు. వాపు తగ్గింది కదా అని ఆడించకండి. ముందు ఎముకల డాక్టరుకు చూపించండి. ఇది నాకు ఆ పాప మోకాలి ఖరీదుతో తెలిసింది.

సభలో అందరి ముందు ఆమెను క్షమాపణ అడగాలని ఒక పేజీ రాశాను. నా మనసులో భారం దిగుతుందని అనుకున్నాను. అయితే ఆమె కథ ఆమెను అడగకుండా చెప్పడం సరి కాదనిపించి ఫోన్ చేశాను. ఇప్పుడు ఆమెకు పెళ్లయి ఇద్దరు పిల్లలు, హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తోంది. రాసింది మొత్తం చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇలా అంది: "సార్, మీరు స్టేజీ మీద క్షమించమంటే అందరూ నా కాలు దిక్కే చూస్తారు. క్షమాపణ ఇప్పుడు ఫోన్ల చెప్పిన్రు కదా, నాకది చాలు. స్టేజీ మీద మాత్రం నేను ఏం చేసిన్నో అది చెప్పుండ్రి."

ఏం చేసిందో ఆలోచించాను. ఆట పోయిన తర్వాత కూడా ఆమె గ్రౌండ్‌కి రావడం మానలేదు. రెండేళ్లు బెంచీ మీద కూర్చుని మా స్కోర్ షీట్లు రాసింది. ఒక్కో డిఫెండర్ ఎన్ని సెకన్లు నిలిచింది, ఏ పోల్ దగ్గర ఔటయింది, ఎవరు ఖో తొందరపడి ఇచ్చారు, అన్నీ రాసేది. మా పిల్లలు ఎడమ చేతి పోల్ దగ్గరే ఎక్కువ ఔటవుతున్నారని ఆమె కాగితాల్లోనే మొదట కనిపించింది. తర్వాత ఏడాది ప్రాక్టీసు అంతా ఆ పోల్ దగ్గరే చేయించాను. ఇదంతా నిజం. నేను రాసిన క్షమాపణ పేజీలో మాత్రం ఇందులో ఒక్క ముక్కా లేదు, అంతా నా బాధే ఉంది. ఆ పేజీ తీసేసి స్కోర్ షీట్ల సంగతి రాశాను. అది కూడా చదివి వినిపిస్తే, "ఇది చదువుండ్రి సార్" అంది.

అన్నీ అయ్యాక నాలుగున్నర పేజీలు వచ్చాయి. చదివితే పదకొండు నిమిషాలు. పెద్ద అక్షరాలతో తిరగరాసి, పేజీకి ఒక వైపే రాసి నంబర్లు వేశాను. కాగితం చూడకుండా మాట్లాడితే బాగుంటుందని ఒక స్నేహితుడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అంతమంది పేర్లలో ఒకటి మరిచిపోయినా తప్పే. పేర్ల దగ్గర తల ఎత్తి ఆ మనిషిని చూడాలి, మిగతాది చదవాలి, అలా సాధన చేశాను.

వరస కూడా మార్చాను. మా సభల్లో రిటైరయ్యే మనిషి చివరగా మాట్లాడతాడు. హెచ్ఎం గారు, సంఘాల నాయకులు, పాత సహోద్యోగులు, అందరూ అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుంది. అప్పటికి వంట అక్కలు షెడ్డులో ఉంటారు, అటెండర్ కుర్చీలు సర్దుతూ ఉంటాడు. సిబ్బంది పేర్లు చివర పెడితే వినడానికి వాళ్లే ఉండరు. అందుకే వాళ్లను మొదట పెట్టాను, తర్వాత తల్లిదండ్రులు, చివర పిల్లలు. రిటైర్మెంట్ భోజనం పెట్టేది నేనే కాబట్టి బయట క్యాటరింగ్ వాళ్లకు చెప్పాను. బడిలో ఆ రోజు వంట పని లేకుండా హెచ్ఎం గారితో ముందే మాట్లాడాను. అక్కలిద్దరినీ ఇంటికి వెళ్లి నేనూ మా ఆవిడా బొట్టు పెట్టి పిలిచాం.

సభ రోజు నా వంతు వచ్చేసరికి ఒంటిగంటా ఇరవై. శాలువాలు, దండలు మెడ నిండా ఉన్నాయి, కాగితం కనబడటం లేదు. దండలన్నీ తీసి బల్ల మీద పెట్టి మొదలుపెట్టాను. అక్కలు ముందు వరసలో కుర్చీలున్నా వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. గంజి గ్లాసుల సంగతి చెప్పి, పేరు పెట్టి పిలిస్తే పెద్ద అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హాల్లో ఎక్కడెక్కడో కూర్చున్న పాత పిల్లలు లేచి నిలబడ్డారు. వాళ్లంతా ఆ గంజి తాగినవాళ్లే. వాళ్లు లేస్తారని నేను అనుకోలేదు, అక్కడ ఏం మాట్లాడాలో నా కాగితంలో లేదు. కాసేపు ఊరుకున్నాను.

వేలిముద్రల దగ్గర గొంతు ఆగింది. నీళ్లు తాగాను. స్కోర్ షీట్ల అమ్మాయి డ్యూటీ వల్ల రాలేకపోయింది, వాళ్ల అమ్మ వచ్చింది. చివర్లో బయట కూర్చున్న పిల్లల పేర్లు చదివాను. పంతొమ్మిదేళ్లలో జట్టుతో వచ్చి ఒక్క నిమిషం కూడా ఆడకుండా తిరిగి వెళ్లినవాళ్లు పద్నాలుగు మంది ఉన్నారు. "మీరు ప్రతి రోజు ప్రాక్టీసులో ఎదురుగా పరిగెత్తకపోతే ఆడినవాళ్లకు ఆట వచ్చేది కాదు. మిమ్మల్ని దింపనందుకు మీరు ఒక్కరోజూ ప్రాక్టీసు మానలేదు" అని చెప్పాను. అందులో ముగ్గురు హాల్లో ఉన్నారు. ఇంట్లో పదకొండు నిమిషాలు పట్టిన కాగితం అక్కడ పద్నాలుగు నిమిషాలు పట్టింది.

భోజనాల దగ్గర పాత కెప్టెన్ నా పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగింది. "సార్, మా జెర్సీలు ఉతికిన అమ్మ గురించి ఎందుకు చెప్పలే?"

గుండె జారింది. బడికి జెర్సీలు ఒకే సెట్టు ఉండేది. టోర్నమెంట్ అయ్యాక పిల్లలకు ఇస్తే పోతాయని నేను మూటగట్టి స్టోర్‌లో పెట్టేవాణ్ని. ఒక అమ్మాయి వాళ్ల అమ్మ వచ్చి, ఆ మూట వాసన చూసి, ఇంటికి తీసుకెళ్లింది. రెండేళ్లు ప్రతి టోర్నమెంటు తర్వాత ఆమే ఉతికి, మడత పెట్టి, నంబర్ల వరసగా పేర్చి పంపింది. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు. ఫైళ్లు చూస్తే ఎవరినీ మరిచిపోనని నమ్మాను. కాగితాలకెక్కని పని చేసిన మనిషిని అవే నాకు కనబడకుండా చేశాయి. ముందే ఒక్కో ఏడాది జట్టు నుంచి ఒక్కరికి ఆ పేర్ల జాబితా చూపించి, ఇంకెవరున్నారని అడగాల్సింది.

మర్నాడు సాయంత్రం సభలో నాకు కప్పిన శాలువాల్లో మంచిది ఒకటి తీసుకుని, మా ఆవిడతో కలిసి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లో ఎండిన మిరపకాయలు ఎత్తుతోంది. నిలబడే చెప్పాను, కాగితం లేకుండా: రెండేళ్లు, పన్నెండు జెర్సీలు, నంబర్ల వరస. సభలో చెప్పడం మరిచిపోయానని కూడా చెప్పాను.

"అయ్యో కూసోండ్రి సారూ" అని మంచం వాల్చింది. శాలువా మా ఆవిడ కప్పింది. ఆమె దాని అంచు వేళ్లతో తడుముతూ, "మీ గ్రౌండ్ల ఎర్రమన్ను సారూ, బండకేసి ఎంత రుద్దినా నడుముకాడ మరక పోకపోయేది. అది పోలేదని మీరేమన్న అంటరేమోనని మస్తు భయపడేదాన్ని" అంది.